‘మనం’ అని రాసిన చీటీ

ఆ కాలేజీలో పట్టికల మాస్టారు తెలియనివాళ్లు లేరు. ఆయన అర్థశాస్త్రం చెబుతారు. ఏ విషయం ఎత్తుకున్నా ముందు బోర్డు మీద నాలుగు గళ్లు గీస్తే గాని నోరు పెగలదు. ఆయన పెళ్లిచూపులకి కూడా పట్టిక గీసుకునే వెళ్లి ఉంటారని పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడింది. కోపం రాకపోగా లోలోపల మురిసిపోయారు. పేరు పెట్టారంటే గుర్తుపెట్టుకున్నారన్నమాటే కదా అని ఆయన లెక్క.

ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న పాఠం, ఖైదీల సందిగ్ధం. ఏటా అదే పాఠం, అవే నవ్వులు, పరీక్షలో అవే తప్పులు. పిల్లలు నిర్వచనం బట్టీపట్టి అప్పజెప్పేస్తారు. “అసలు దాని ఇరకాటం ఏమిటి?” అని అడిగితే బిక్కమొహం వేస్తారు. నీళ్లలో దిగందే ఈత రాదు కదా, ఈ ఏడు వీళ్లని దింపేద్దాం అనుకున్నారు మాస్టారు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండో పీరియడు. మూడో అంతస్తులో గది. ఫ్యాన్లు నాలుగైతే మూడే తిరుగుతున్నాయి. నలభైమంది పిల్లలు, ఇద్దరేసి కూర్చునే ఇరవై బెంచీలు. కిటికీ పక్క మొదటి బెంచీలో ఇద్దరమ్మాయిలు. మూడేళ్లుగా హాస్టల్లో ఒకే గది వాళ్లది. ఒకమ్మాయిని అందరూ గడియారం అనేవాళ్లు. గంట కొట్టకముందే క్లాసులో ఉంటుంది, చెప్పిన తేదీకి ఒకరోజు ముందే రాసి ఇచ్చేస్తుంది, మాట కూడా టిక్కు టిక్కుమని కొలిచినట్టే ఉంటుంది. రెండో అమ్మాయి చిలక. నిద్రలో తప్ప నోటికి సెలవివ్వదు. చిలక మాట్లాడుతుంటే గడియారం వింటుంది. గడియారం చదువుతుంటే చిలక దాని నోట్సు ఎత్తి రాసుకుంటుంది. అలా సాగిపోయింది వాళ్ల స్నేహం.

“ఇద్దరు దొంగలు,” అంటూ మొదలుపెట్టారు మాస్టారు. “ఒక షాపు తాళం పగలగొట్టారని అనుమానం. పోలీసులు ఇద్దర్నీ పట్టుకొచ్చి చెరో గదిలో పెట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి లేదు. పెద్ద నేరానికి సాక్ష్యం చాల్లేదు. చిన్న నేరానికి మాత్రం ఉంది. ఇన్స్‌పెక్టరు ఇద్దరికీ విడివిడిగా ఒకటే మాట చెప్పాడు. ‘నువ్వు ఒప్పుకుని, వాడు నోరు మూసుకుంటే నిన్ను వదిలేస్తాం, వాడికి పదేళ్లు. వాడు ఒప్పుకుని నువ్వు నోరు మూసుకుంటే నీకు పదేళ్లు. ఇద్దరూ ఒప్పుకుంటే చెరో ఐదేళ్లు. ఇద్దరూ నోరు మూసుకుంటే చెరో ఏడాది.’ ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ఒక్కొక్కడు ఏం చేయాలి?”

“నోరు మూసుకోవాలి సార్,” వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. “స్నేహితుణ్ణి పట్టిస్తే నరకానికి పోతారు.”

క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. అప్పటికే బోర్డు మీద నాలుగు గళ్లు పడ్డాయి.

“నరకం సంగతి తర్వాత. ముందు ఒకడి బుర్రలోకి దూరండి. అవతలివాడు ఏం చేస్తాడో మనకి తెలీదు. కానీ వాడు చేయగలిగినవి రెండే. ఒక్కొక్కటే చూద్దాం. వాడు నోరు మూసుకున్నాడనుకోండి. నేనూ మూసుకుంటే ఏడాది. ఒప్పుకుంటే సున్నా. ఏది మేలు?”

“ఒప్పుకోవడం.”

“సరే. వాడు ఒప్పుకున్నాడనుకోండి. నేను మూసుకుంటే పదేళ్లు. ఒప్పుకుంటే ఐదు. ఏది మేలు?”

“ఒప్పుకోవడమే సార్!” అంది చిలక, అందరికంటే గట్టిగా.

“అంటే వాడు ఏం చేసినా సరే నాకు ఒప్పుకోవడమే మేలు. వాడికీ అదే లెక్క. వాడూ ఒప్పుకుంటాడు. ఇద్దరికీ ఐదేళ్లు. కానీ చూడండి, ఈ పక్క గడిలో ఇద్దరికీ ఏడాదే ఉంది. ఇద్దరికీ మంచిదే. అక్కడికి వెళ్లలేకపోయారు. ఎవరి తెలివి వాళ్లు వాడారు. ఇద్దరూ కలిసి గోతిలో పడ్డారు. ఇదే సందిగ్ధం.”

గడియారం చెయ్యెత్తింది. “సార్, మరి సమతౌల్యం అంటే?”

మాస్టారికి ఆ పిల్ల ప్రశ్న అంటే ఇష్టం. “నాష్ సమతౌల్యం అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక గడిలో నిలబడండి. ఇద్దరిలో ఒకణ్ణి పక్కకి పిలిచి అడగండి. ‘అవతలివాడు మారడు. నువ్వొక్కడివే మనసు మార్చుకుంటే నీకేమైనా లాభమా?’ వాడు లేదనాలి. రెండోవాణ్ణీ అలాగే అడగండి. వాడూ లేదంటే అది సమతౌల్యం. ఇద్దరూ ఒప్పుకున్న గడి చూడండి. ఒక్కడే నోరు మూసుకుంటే ఐదు కాస్తా పది అవుతుంది. కాబట్టి కదలడు. ఇద్దరూ మూసుకున్న గడిలోనో? ఒక్కడు ఒప్పుకుంటే ఏడాది సున్నా అవుతుంది. కాబట్టి వాడు కదులుతాడు. అక్కడ నిలకడ లేదు. ఒకడు ఒప్పుకుని ఒకడు మూసుకున్న గళ్లలో పదేళ్లు పడ్డవాడు కదులుతాడు. అంటే ఈ ఆటలో నిలిచే గడి ఒక్కటే.”

“నిలిచేదంటే మంచిదని కాదన్నమాట,” అంది గడియారం.

“శభాష్. స్టేడియంలో ముందు వరస లేచి నిలబడితే వెనకవాళ్లూ లేస్తారు. చివరికి అందరూ నిలబడే చూస్తారు. కూర్చుని చూసినదానికంటే ఎక్కువేం కనబడదు, కాళ్లు మాత్రం పీకుతాయి. అయినా ఒక్కడే కూర్చుంటే వాడికి కనబడేది ముందువాడి వీపే. అందుకే ఎవడూ కూర్చోడు. అది సమతౌల్యమే, కానీ సుఖం లేదు. అలాగని అన్నీ చెడ్డవేం కావు. రోడ్డు మీద అందరూ ఒకే పక్క నడపడం కూడా సమతౌల్యమే. ఒక్కడు రెండో పక్కకి పోతే వాడికే దెబ్బ.”

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మాస్టారు సంచీలోంచి చీటీల కట్ట తీశారు.

“ఇప్పుడు మీరే ఖైదీలు. బెంచీకి ఇద్దరు. పక్కవాళ్ల వైపు చూడకూడదు, మాట్లాడకూడదు. చీటీ మీద ‘మనం’ అనో ‘నేను’ అనో రాయండి. ఇద్దరూ ‘మనం’ అంటే చెరో ఎనిమిది మార్కులు. ఇద్దరూ ‘నేను’ అంటే చెరో ఐదు. ఒకరు ‘నేను’, ఒకరు ‘మనం’ అయితే ‘నేను’కి పది, ‘మనం’కి మూడు. ఆట ఒక్కసారే. ఇవి ఉత్తుత్తి మార్కులు కావు. ఇంటర్నల్స్‌లో పదికి పది ఇక్కడివే.”

అప్పటిదాకా నవ్విన మొహాలు బిగుసుకున్నాయి. మాస్టారికి అదే కావాలి. ఇన్నాళ్లకి పాఠం వీళ్ల ఒంట్లోకి దిగింది అనుకున్నారు.

ఐదు నిమిషాల్లో చీటీలు చేతికొచ్చాయి. ఒక్కో బెంచీ చీటీలు విప్పి బోర్డు మీద గీతలు పెట్టారు. పదమూడు బెంచీల్లో ఇద్దరూ ‘నేను’. ఒక్క బెంచీలో ఇద్దరూ ‘మనం’. మిగిలిన ఆరు బెంచీల్లో ఒకరు అది, ఒకరు ఇది. కిటికీ పక్క మొదటి బెంచీ ఆ ఆరింటిలో ఒకటి. చిలక ‘నేను’ రాసింది. గడియారం ‘మనం’ రాసింది.

మాస్టారు ఆశ్చర్యపోయారు. అంత తెలివైన పిల్ల, అరగంట ముందు తనతో సరిసమానంగా మాట్లాడిన పిల్ల. చేతిలోని చీటీ పైకెత్తి, “ఇదిగో, చెవిలో ఊదినా ఎక్కక మూడు తెచ్చుకున్నవాళ్లు ఈ ఆరుగురు. వీళ్లలో గడియారం కూడా ఉంది. ఏమ్మా, బ్యాటరీ అయిపోయిందా?” అన్నారు.

నవ్వులు పెల్లుబికాయి. చిలక కూడా నవ్వింది. ఆ నవ్వు కావాలని నవ్వింది కాదు. అందరూ నవ్వుతుంటే వచ్చే నవ్వు అది. గడియారం తల వంచుకుని, పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. మాస్టారు ఆ పెన్ను వైపు చూశారు. చూసి కూడా పాఠంలో పడిపోయారు.

ఆ తర్వాత రెండు నెలలకి పరీక్షలు. ఆ తర్వాత ఇరవై రోజులకి ఫలితాల పట్టిక కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ కాలేజీలోనే రెండేళ్ల పై చదువు ఉంది. అర్థశాస్త్రంలో నూటికి ఎనభై వచ్చినవాళ్లకి నేరుగా సీటు. రానివాళ్లు ఏడాది ఆగి, బయట పరీక్ష రాసి, వేరే ఎక్కడైనా చూసుకోవాలి. ఆ సంగతి మూడేళ్లుగా అందరికీ తెలిసిందే.

గడియారానికి డెబ్భై ఎనిమిది. చిలకకి ఎనభై ఒకటి.

పట్టికలు గీసే చెయ్యి కదా, మాస్టారికి లెక్క ఊరికే వచ్చేసింది. ఆటలో వచ్చిన మూడు తీసేస్తే గడియారానికి డెబ్భై ఐదు. ఆ పిల్ల కూడా ‘నేను’ అని రాసి ఉంటే ఐదొచ్చి సరిగ్గా ఎనభై అయ్యేది. ఇద్దరూ ‘మనం’ అనుకుని ఉంటే ఎనభై మూడు. చిలక సంగతి ఇంకో రకం. పది లేకుండా డెబ్భై ఒకటి. ఎనిమిదొచ్చినా డెబ్భై తొమ్మిది. ఆ పదే ఆ పిల్లని గీత దాటించింది. నోటీసు బోర్డు ముందు నిలబడ్డ మాస్టారు మళ్లీ మొదటినుంచి లెక్క వేశారు. చేతిలో ఉన్న టీ చల్లారిపోయింది.

ఫలితాల్లో పొరపాట్లుంటే సరిదిద్దమని అడగడానికి ఏడు రోజులు గడువు. రెండో రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూముకి చిలక వచ్చింది. గది ఖాళీ. గోడ పక్క బీరువాల మీద పాత జవాబు పత్రాల కట్టలు. చిలక లోపలికొచ్చి నిలబడింది. ఆ పిల్ల నోరు మెదపకుండా నిలబడటం మాస్టారు ఎప్పుడూ చూడలేదు.

“ఏంటమ్మా? కూర్చో.”

“సార్, నా పది తీసేయండి.”

“ఏం పది?”

“ఆటలో పది సార్. ఆ ఆట మార్కులు అసలు లెక్కలోకి రాకూడదని రాయండి. అందరికీ ఒకేలా ఏదో ఒకటి ఇచ్చేయండి. ఐదిచ్చినా దానికి సీటొస్తుంది.”

“నీకు పోతుంది, తెలుసా?”

“తెలుసు సార్. లెక్కేసుకునే వచ్చా.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మరి ఆ రోజు ఎందుకు రాశావ్ ‘నేను’ అని?”

చిలకకి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరు చెప్పిందే కదా సార్! ఎటు తిప్పినా ‘నేను’ అనడమే మేలని. అది క్లాసులో ఫస్టు. మీరు చెప్పిందే రాస్తుందనుకున్నా. అది ‘నేను’ అని రాస్తే నేను ‘మనం’ అని రాసి మూడు తెచ్చుకోవడం దేనికి? దాని మీద నమ్మకం లేక కాదు సార్. దాని తెలివి మీద నమ్మకంతో రాశా. అది తెలివి పక్కన పెట్టింది. నేను పెట్టలేదు.”

“ఇప్పుడు మాట్లాడుతోందా నీతో?”

“గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ‘పర్వాలేదు’ అంది. ఆ ఒక్క మాటే. తిట్టినా బాగుండేది.”

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “తొందరపడకు. రెండ్రోజులు ఆలోచించుకో. నేనూ ఆలోచిస్తా,” అన్నారు.

“నేను ఆలోచించే వచ్చా సార్.”

“సరే సరే. నేను చూస్తాగా.”

ఆ ‘చూస్తాగా’లో ఎంత జారుడు ఉందో అన్నప్పుడే ఆయనకి తెలుసు.

సరిదిద్దాలంటే ఆయన సంతకంతో ఒక ఉత్తరం ఇవ్వాలి. అందులో ఏం రాయాలి? ‘పిల్లల చదువుకి కాక చీటీల ఆటకి మార్కులు వేశాను. ఇది నిబంధనలకి విరుద్ధం. ఎవరినీ అడగలేదు.’ ఆ ఏడే డిపార్టుమెంటు హెడ్ పోస్టు ఖాళీ అవుతోంది. వరసలో తర్వాతి పేరు ఆయనదే. ఇరవై ఆరేళ్లుగా ఒక్క మచ్చ లేని మనిషి, తన చేత్తో తానే మసి పూసుకోవాలి. దానికి తోడు మార్కులు మారితే పది తెచ్చుకున్న మిగతా ఐదుగురూ ఊరుకుంటారా? తల్లిదండ్రులు వచ్చి పడరా? తేనెతుట్టె కదిపినట్టే అనుకున్నారు.

ఆ సాయంత్రమే భార్యతో చెప్పారు. ఆవిడ ఆస్పత్రిలో కట్లు కట్టే నర్సు. చేతులు కడుక్కుంటూ విన్నది.

“ఆ పిల్లే వచ్చి తన సీటు వదులుకుంటానంటే ఇంక మీకేం అడ్డం?” అంది.

“అంత సులువు కాదు. నా ఉద్యోగం మీదికి రావచ్చు.”

“ఉద్యోగం పోతుందా?”

“పోదు. మాట పడతాం.”

“పుండు మీద కట్టు వేసేటప్పుడు ఆలస్యం చేస్తే కట్టు గట్టిగా ఉన్నా ప్రయోజనం ఉండదు. రేపే ఇచ్చేయండి.”

“ఇస్తాను.”

మూడో రోజు ఉత్తరం రాశారు. చేతిరాత బాగోలేదని చింపి మళ్లీ రాశారు. నాలుగో రోజు టైపు చేయించారు. అందులో ‘నిబంధనలకి విరుద్ధం’ అన్న మాట తీసేసి ‘కొంత పొరపాటు’ అని మార్చారు. ఐదో రోజు సొరుగులో పెట్టి తాళం వేశారు. పరీక్షల విభాగానికి వెళ్లి కిటికీ దగ్గర నిలబడి, గుమాస్తాని “అంతా కులాసాయేనా?” అని అడిగి వచ్చేశారు. చిలక కూడా మళ్లీ రాలేదు. బహుశా మనసు మార్చుకుందేమో, సీటు ఎవరికి చేదు అనుకున్నారు. అలా అనుకోవడం ఆయనకి హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గేసింది కూడా. ఏడో రోజు అసలు కాలేజీకి వెళ్లలేదు. ఒళ్లు వెచ్చగా ఉందని ఫోన్ చేశారు. ఒళ్లు చల్లగానే ఉంది.

ఎనిమిదో రోజు చిలక కారిడార్లో ఎదురైంది. “ఇచ్చారా సార్?” అంది.

“గడువు అయిపోయిందమ్మా.”

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. తలూపి వెళ్లిపోయింది.

పై చదువుల్లో చేరే రోజు వచ్చింది. గుమాస్తా జాబితా తెచ్చి మాస్టారికి చూపిస్తూ, “మీ డిపార్టుమెంటులో ఒక సీటు మిగిలిపోయింది సార్. ఆ వాగుడుకాయ అమ్మాయి చేరలేదు. ఫోన్ చేస్తే రానని చెప్పింది,” అన్నాడు.

“ఎందుకట?”

“కారణం అడిగా సార్. ‘అది నాది కాదు’ అంది. ఏం అర్థం కాలేదు.”

మాస్టారు జాబితా తిరిగి ఇచ్చేశారు. ఒక సీటు ఎవరికీ కాకుండా పోయింది. రావలసిన పిల్లకి రాలేదు, వచ్చిన పిల్ల వద్దంది. బోర్డు మీద ఇరవై ఆరేళ్లుగా గీస్తున్న గోతిలోకి ఇద్దర్నీ చెయ్యిపట్టి దింపింది తానే. వాళ్లలో ఒకమ్మాయి ఎక్కి రావడానికి చెయ్యి చాచింది కూడా. ఆ చెయ్యి అందుకోనిదీ తానే.

అప్పుడు నిద్రలేచినట్టయి ఆ ఉత్తరం తీశారు. ‘కొంత పొరపాటు’ కొట్టేసి, మొదట రాసిన మాటే మళ్లీ రాసి పరీక్షల విభాగంలో ఇచ్చారు. వారం తర్వాత రెండు లైన్ల జవాబు వచ్చింది. గడువు దాటింది కాబట్టి మార్పు కుదరదు. విషయం రికార్డులో చేర్చాం. హెడ్ పోస్టు వేరే ఆవిడకి వెళ్లింది. ఆయన నొచ్చుకోలేదు. అసలు ఆ పోస్టు కోసమేనా ఇంతా చేసింది అని తలచుకుంటే నోరు చేదెక్కింది.

గడియారం బస్టాండు వెనక వీధిలో ఒక కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోందని విన్నారు. అది ఆ పిల్ల మేనమామ షాపు. ఒక మధ్యాహ్నం వెళ్లారు. సన్నటి షాపు. గోడంతా అద్దాలు, ఫ్రేములు. లోపల అద్దాలు అరగదీసే మిషను గర్రుమంటోంది. గడియారం కౌంటరు వెనక ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది. ఆయన వెళ్లేదాకా మాస్టారు తలుపు దగ్గరే నిలబడ్డారు.

“సార్! రండి, కూర్చోండి. కళ్లజోడు మార్చాలా?” అంది మామూలుగానే.

“లేదమ్మా. నీతో మాట్లాడదామని వచ్చా.”

కుర్చీ తెచ్చి వేసింది. మాస్టారు కూర్చున్నారు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముందుగా అనుకుని వచ్చిన మాటలన్నీ మర్చిపోయారు.

“ఆ రోజు నీకు పట్టిక అర్థంకాలేదని అనుకున్నాను,” అన్నారు చివరికి.

గడియారం చిన్నగా నవ్వింది. “అర్థమైంది సార్. ‘నేను’ అని రాస్తే కనీసం ఐదు, అదృష్టముంటే పది. ‘మనం’ అని రాస్తే మూడు కూడా రావచ్చు. అంతా తెలిసే రాశాను.”

“మరి?”

“మూడొస్తే మూడు రానీ అనుకున్నా. దాన్ని ముంచి పది తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అంతే. అది ‘నేను’ అని రాస్తుందని కూడా కొంచెం అనుమానం ఉంది. అయినా రాశాను.”

మాస్టారు తల దించుకున్నారు. మిగతా ఏళ్లన్నీ క్లాసులో చెప్పేవారు, ఆ ఒక్క ఏడు ఎందుకో మర్చిపోయారు. గళ్లలో అంకెలు వేసేవాడు, ఆడేవాడికి నిజంగా ఏది విలువైనదో అదే వేయాలి. స్నేహితుణ్ణి ముంచి తెచ్చుకున్న పది కంటే ముంచకుండా వచ్చిన మూడే మేలనుకునే మనిషికి ఆ గళ్లు వేరు. ఆటే వేరు. ఆ ఆటలో ‘మనం’ అన్నది తప్పు జవాబు కానే కాదు. ఆ పిల్ల తన ఆట తాను సరిగ్గా ఆడింది. తప్పు పట్టిక గీసినవాడు ఆ పిల్లని చూసి నవ్వాడు.

“నాకు మార్కులు బాధ కాదు సార్,” అంది గడియారం, ఒక ఫ్రేము తుడుస్తూ. “బ్యాటరీ అయిపోయిందా అన్నారు మీరు. అందరూ నవ్వారు. అది కూడా నవ్వింది. దాని ‘నేను’ని అప్పుడే మర్చిపోయాను. నవ్వు మాత్రం మర్చిపోలేకపోయాను.”

“నాది తప్పమ్మా. చాలా పెద్ద తప్పు.”

“వదిలేయండి సార్.”

వదిలేస్తే అయిపోయేది. ఆమెకి తెలియనిది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా లేచి వచ్చేస్తే ఎవరూ అడగరు. మాస్టారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు.

“ఇంకొకటి చెప్పాలి. ఫలితాలొచ్చిన రెండో రోజు చిలక నా దగ్గరికి వచ్చింది. తన పది తీసేసి, నీకు సీటొచ్చేలా చేయమంది. తన సీటు పోతుందని తెలిసే అడిగింది. నేను చూస్తానన్నాను. చూడలేదు. గడువు దాటాక ఇచ్చాను ఉత్తరం. చిలక తన సీటు తీసుకోలేదు. వదిలేసింది.”

ఫ్రేము తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. లోపల మిషను గర్రుమంటూనే ఉంది.

“రెండో రోజా?” అంది గడియారం.

“అవును.”

“అంటే ఇంకా ఐదు రోజులు ఉన్నాయన్నమాట.”

“ఉన్నాయి.”

ఆ పిల్ల ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయనకి కొంచెం తేలికయ్యేది. కోపం లేదు. లోపలిదేదీ పైకి కనబడనివ్వకూడదన్నట్టు ఉంది ఆ చూపు. “అది నాతో చెప్పలేదు,” అంది. “ఊరికి వెళ్లేముందు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. తర్వాత చేయడం మానేసింది.”

“ఇప్పుడు చెయ్యమ్మా.”

“ఏమని చేయను సార్?”

అప్పుడే ఇద్దరు తల్లీకూతుళ్లు చీటీ పట్టుకుని లోపలికొచ్చారు. గడియారం లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది. కొలతలు చూసింది. ఎన్ని రోజులు పడుతుందో చెప్పింది. మాస్టారు తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడ్డారు, ఏమైనా అంటుందేమోనని. అనలేదు. బయటికొచ్చి ఎండలో బస్సు కోసం నిలబడ్డారు.

మరుసటి ఏడు ఆ పాఠం మళ్లీ వచ్చింది. అవే నాలుగు గళ్లు, అవే ఏళ్లు, పదీ ఐదూ ఒకటీ సున్నా. చీటీలు పంచలేదు. ఒక కుర్రాడు చెయ్యెత్తి, “సార్, నోరు మూసుకున్నవాడు తెలివితక్కువవాడేనా?” అని అడిగాడు.

“కాదు,” అన్నారు మాస్టారు. “వాడికి ఏది విలువో ముందు అడగాలి. అడక్కుండా నవ్వకూడదు. నేనొకసారి నవ్వాను.” క్లాసు ఎదురుచూసింది. ఆయన ఇంకేం చెప్పకుండా బోర్డు తుడిచి, రోడ్డు మీద ఒకే పక్క నడిచే బళ్ల సంగతి ఎత్తుకున్నారు.

గడియారం బయట పరీక్ష రాసి వేరే ఊరి కాలేజీలో చేరిందని గుమాస్తా చెప్పాడు. చిలక ఏదో ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని చేస్తోందట. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారో లేదో గుమాస్తాకి తెలీదు. కనుక్కోమంటారా అని అడిగాడు.

“వద్దులే,” అన్నారు మాస్టారు. తెలుసుకోవాలని ఎంతగానో ఉంది. ఆ సంగతి అడిగే హక్కు తనకి మిగిలి ఉందో లేదో తేల్చుకోలేక ఊరుకున్నారు.